గోడ మీంచి చెప్పిన వోల్టేజీ

మా ఇంటికీ పక్కింటి అక్క వాళ్ళ ఇంటికీ మధ్య గోడ నా భుజం ఎత్తు ఉంటుంది. ఆ గోడ దగ్గర నిలబడి రోజూ ఒక మాట చెప్పడం నా పని. "అక్కా, వేసుకో" అనో, "అక్కా, ఇప్పుడొద్దు" అనో. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నేను, పెళ్ళిళ్ళలో భోజనం అయ్యేదాకా వెనక గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునే నేను, గొంతు పెంచి మాట్లాడేది ఆ ఒక్కసారే.

ఆ మాట వాషింగ్ మిషన్ గురించి.

మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రం వైపున్న ఊరు. ఇళ్ళ వెనక రొయ్యల గుంటలు. అందులో ఒకటి మా నాయనది. గుంటలకూ మా వీధికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. నీళ్ళలో రొయ్యలకు గాలి అందాలని తిప్పే ఏరియేటర్లు మొదలయ్యాయంటే వీధిలో ఫ్యాన్లు నీరసపడతాయి, ట్యూబులైట్లు వెలగాలా వద్దా అని ఆలోచిస్తాయి. అమ్మకు మణికట్టు విరిగి అతికాక బట్టలు పిండలేకపోతుంటే మాకు మిషన్ కొన్నారు. దానితోపాటే స్టెబిలైజరు. గోడకు బిగించిన ఆ తెల్లటి పెట్టె మీద ఎర్రటి అంకెలు కనిపిస్తాయి. చిన్న బటన్ నొక్కితే బయటినుంచి వచ్చే వోల్టేజీ, వదిలేస్తే పెట్టె సరిచేసి మిషన్‌కు పంపే వోల్టేజీ. వచ్చేది నూట డెబ్బై ఉంటే లోపల టక్కుమని మీట మారి, రెండు వందల ఇరవై చేసి పంపుతుంది. సరిచేయలేనంత తగ్గినా, పెరిగినా మిషన్‌కు కరెంటు ఆపేసి ఊరుకుంటుంది. మళ్ళీ సర్దుకున్నాక కూడా వెంటనే ఇవ్వదు, కాసేపు ఆగి ఇస్తుంది. మిషన్ తిరుగుతున్నంతసేపూ దాని పక్కన స్టూలు వేసుకుని చదువుకోవడం నాకు అలవాటు. ఆ టక్కు టక్కులు వింటూ చదివిన పుస్తకాలు చాలా ఉన్నాయి.

పక్కింటి అక్క భర్త సముద్రంలో చేపల వేటకు పోతాడు. అత్త పక్షవాతం వచ్చి మంచంలో ఉంది. మేమంతా ఆమెను అవ్వ అంటాం. అవ్వ పక్కబట్టలు, పాత చీర ముక్కలు రోజూ ఉతకాలి. బోరింగు దగ్గర కూర్చుని ఉతికి ఉతికి అక్క నడుము పట్టేసింది. మా మిషన్ చూశాకే అక్క కూడా ఒకటి కొనుక్కుంది. స్టెబిలైజరు మాత్రం కొనలేదు. "దీంట్లోనే ఉండాదంట, బయట అక్కర్లేదన్నాడు షాపాయన" అంది. మిషన్‌లో ఉండే రక్షణ కొంతవరకే పనికొస్తుందని నేను వాడుక పుస్తకంలో చదివాను. చెప్పాను కూడా, కానీ నేను చెప్పిన తీరు నాకే వినపడనంత మెల్లగా ఉంది. తక్కువ వోల్టేజీకి అక్క మిషన్ మధ్యలో ఆగి, లైట్లన్నీ మిణుకుమని, మళ్ళీ మొదటినుంచి నీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టేది. అప్పుడు ఇద్దరం ఈ ఏర్పాటు చేసుకున్నాం. నేను మా పెట్టె మీద అంకె చూసి గోడ మీంచి చెప్పాలి. నేను చెబితేనే అక్క స్విచ్ వేస్తుంది.

"నువ్వే నా కరెంటాఫీసు" అనేది అక్క. ఆ మాట నాకు ఎంత బాగుండేదో ఎవరికీ చెప్పలేదు.

ఈసారి రొయ్యల పంటలో ఏరియేటర్ల మోటార్లు వోల్టేజీ చాలక వేడెక్కిపోతున్నాయని నాయనా, చుట్టుపక్కల గుంటలవాళ్ళూ లైన్‌మన్‌ను బతిమాలి ట్రాన్స్‌ఫార్మర్ మీద మీట పైకి తిప్పించారు. దాంతో వీధిలోకి వచ్చే వోల్టేజీ కాస్త పెరిగింది. ఏరియేటర్లు తిరుగుతుండగా కూడా మా పెట్టె రెండు వందల పైన చూపించేది. అందరూ సంతోషపడ్డారు. ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. పుస్తకాలు చదివే నేను కూడా ఆలోచించలేదు.

తరువాత గుంటలకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. ఒకరి తరువాత ఒకరు తొందరపడి రొయ్యలు పట్టేశారు. చివరికి మాది. నీళ్ళు దించి, ఏరియేటర్లు ఆపి గట్టుకు లాగారు. ఆ పొద్దున నేను లేచేసరికి ఊరంతా ఏదో వెలితిగా ఉంది. ఎప్పుడూ వినిపించే హోరు లేదు. గుంట దగ్గరికి కాఫీ ఫ్లాస్కు తీసుకుపోతూ గోడ పక్కనుంచి నడిచాను.

"ఏం పాపా, వేసుకోనా? అవ్వ పక్క మొత్తం తడిపేసుండాది" అంది అక్క, చేతిలో బట్టల బకెట్టుతో.

"ఏరియేటర్లన్నీ ఆగిపోయినాయి అక్కా, కరెంటు దివ్యంగా ఉంటాది. వేసుకో."

పెట్టె చూడలేదు. లోపలికి నాలుగడుగులు వేస్తే కనిపించేది. చేతిలో ఫ్లాస్కు ఉంది, అంతే. ఎన్నాళ్ళుగానో మా ఇద్దరికీ తెలిసిన శత్రువు ఒక్కటే, తక్కువ వోల్టేజీ. హోరు ఆగిందంటే శత్రువు పోయినట్టే అనుకున్నాను.

గుంట దగ్గరనుంచి తిరిగొచ్చేసరికి అక్క వాకిట్లో నిలబడి ఉంది. "టప్పుమనింది పాపా. కాలిన వాసన. లైటు ఒక్కటి కూడా రాలా" అంది. ఆమె ముఖం చూడలేక మా ఇంట్లోకి పరుగెత్తాను. మా పెట్టె మీద అంకెలు మిణుకుమిణుకుమంటున్నాయి. బటన్ నొక్కాను. కరెంటు లాగే మోటార్లు లేక రెండు వందల ఎనభై దాటింది. మా మిషన్‌కు కరెంటు పోకుండా పెట్టె ఎప్పుడో ఆపేసింది. మాది భద్రంగా ఉంది. నా మాట నమ్మినవాళ్ళది కాలిపోయింది.

గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. 

"అక్కా, నేను చూడకుండా చెప్పినా."

అక్క నన్ను చూసింది. తిట్టలేదు. "నీ నోట్లోంచి మాట రావడమే గగనం. వచ్చిన ఒక్క మాటా నా మిషన్‌ను మింగేసింది గదే" అని, నవ్విందో లేదో తెలియకుండా, బకెట్టు తీసుకుని బోరింగు వైపు నడిచింది. నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని.

మధ్యాహ్నం కోవూరు నుంచి మెకానిక్ వచ్చాడు. మిషన్ పైమూత విప్పి బోర్డు బయటికి తీశాడు. నీళ్ళు తగలకుండా దాని మీద జిగురులాంటిది గట్టిగా పోసి ఉంది. ఒక మూల అది నల్లబడి పగిలింది.

"ఇదుగో అక్కా, వేరిస్టరు పేలింది. ఎక్కువ కరెంటొస్తే ఇది అడ్డం పడి చస్తాది. దానెంబడే ఫ్యూజు పోతాది."

"అది చస్తే మిగతాది బతికినట్టేనా?" అంది అక్క.

"అది తెలియాలంటే ఈ జిగురంతా గీకాల. షాపుకు తీసుకుపోతా. లోపల పవర్ ఐసీ, అదే అసలు చిప్పు, గూడా పోయుంటే బోర్డే మార్చాల, అది దొరకడానికి ఎన్ని రోజులో చెప్పలేను." ఆగి, నా వైపు తిరిగాడు. "స్టెబిలైజరు లేకుండా మాత్రం నేను బిగించను. బిగించిన మర్నాడే మళ్ళీ పేలితే నన్నంటారు."

అతను వెళ్ళాక అక్క ఇంట్లోంచి అవ్వ ఏదో అంటున్న ధ్వని వినిపించింది. మాట ముద్దగా ఉంటుంది, అక్కకు తప్ప ఎవరికీ అర్థం కాదు. "మిషన్ పాట ఆగిపోయిందేమి అంటా ఉండాది" అని అక్క చెప్పింది. ఉతుకు పూర్తయినప్పుడు అది పాడే చిన్న రాగం అవ్వకు ఇష్టమట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

నేను అవ్వ బట్టల బకెట్టు మా ఇంటికి తెచ్చాను. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏందే ఇది? ఆ బట్టలు మన మిషన్‌లోనా? దేవుడి గది బట్టలు గూడా అందులోనే ఉతుకుతామే."

"నా మాట మీదే గదమ్మా అది కాలింది."

"నువ్వు కావాలని చేసినావా?"

"చూడలేదు."

 బట్టలు ముందు బయట జాడించమని చెప్పింది అమ్మ. జాడించాను. కానీ మా మిషన్ కూడా ఆ రోజు తిరగలేదు. వోల్టేజీ దిగలేదు, పెట్టె కరెంటు వదల్లేదు. అవ్వ బట్టలు నేను చేత్తోనే ఉతికాను. బకెట్టు సగం కాకముందే నడుము నొప్పి అంటే ఏమిటో తెలిసింది.

సాయంత్రం నాయన లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. "తిప్పమన్నదీ మీరే, దించమనేదీ మీరే. మీ రొయ్యలకొక కరెంటూ, మీ బట్టలకొక కరెంటూ నేను యాడ తేవాల?" అని ఆయన అరవడం ఫోన్ బయటికి కూడా వినిపించింది. మర్నాడు వచ్చి, లైను ఆపి, మీట కిందికి దించి వెళ్ళాడు. వీధి మొత్తానికి జరగాల్సిన పని, అక్క మిషన్ కాలాక జరిగింది.

బోర్డు వారం తిరక్కుండానే బాగై వచ్చింది. లోపలి ఐసీకి ఏమీ కాలేదట. మెకానిక్ బోర్డు చేతిలో పట్టుకుని అక్క ఇంట్లో గోడ వంక చూశాడు. అక్కడ ఏమీ లేదు. "స్టెబిలైజరు ఏదక్కా?" అన్నాడు.

"ఆయన వేటనుంచి వచ్చినాక తెస్తాడు" అంది అక్క. సముద్రంలో ఉన్న మనిషి ఎప్పుడొస్తాడో ఆమెకే తెలియదు.

నేను మా ఇంటికి వచ్చి పెట్టె వైపు చూశాను. అమ్మ నన్ను చూసింది.

"మనదా?" అంది.

"మన ఇంట్లో నేనుండా గదా అమ్మా, ఉతకడానికి."

అమ్మ విరిగి అతికిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. తరువాత, "ప్లగ్గు తీసి ముట్టుకో, షాకు కొడతాది" అంది. మెకానిక్ వచ్చి దాన్ని విప్పి, అక్క గోడకు బిగించాడు. అక్క స్విచ్ వేసింది. పెట్టె కాసేపు ఆగింది. లోపల టక్కుమంది. మిషన్ లైట్లు వెలిగాయి. ఉతుకు అయ్యాక వచ్చిన రాగం గోడకు ఇవతల నేను కూడా విన్నాను. అవ్వ ఏదో అంది. ఈసారి అక్క దాన్ని నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా మిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. పంట పోయింది కాబట్టి కొత్త స్టెబిలైజరు మాట నాయన దగ్గర నేను ఎత్తడం లేదు. పొద్దున్నే బట్టలు పట్టుకుని పంపు దగ్గర కూర్చుంటాను. పుస్తకం చదివే స్టూలు మీద ఇప్పుడు సబ్బుల డబ్బా ఉంటుంది.

ఇప్పుడు అంకె గోడకు అవతల ఉంది. నిన్న అక్క గోడ మీంచి తల పెట్టి పిలిచింది.

"పాపా, రెండు వందల ముప్పై ఉండాది. ఇందాకట్నుంచీ కదల్లా. మీది గూడా వేసుకోరాదా, ఒక్కసారికి ఏం గాదులే."

నేను చేతిలో చీర పిండుతూ తల అడ్డంగా ఊపాను.

"వేసుకోవే" అంది అక్క. "నేను చూసే చెప్తా ఉండా."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. నేను తల వంచుకుని చీరను రెండోసారి పిండాను. అప్పటికే అందులో నీళ్ళు లేవు.