నీలం మంట

అమ్మ గిన్నెల అడుగులన్నీ మసిబారుతున్నాయి. గ్యాస్ మంట పసుపుపచ్చగా ఎగురుతోంది. గోల్‌బజార్ నుంచి అందరూ అన్నలా దాదా అనే మెకానిక్‌ని పిలిపించాను. అల్యూమినియం బర్నర్ వంగిపోయి, కన్నాలు పూడిపోయాయని అతను ఇత్తడిది పెట్టాడు, బర్నర్‌లోకి గాలి వెళ్లే రేకు తెరిచాడు. మంట నీలంగా, నిలకడగా వచ్చింది.

"ఠీక్ హై, దీదీ," అని వెళ్లిపోయాడు.

అమ్మ వంగి చూసింది. "ఏటే, పొయ్యి ఎలగనేదేటి?" అంటూ మంట మీదికే చెయ్యి చాపింది. గబుక్కున లాగేశాను.

అమ్మకి పోయిన చూపు తిరిగిరాదని కంటి డాక్టరు ముందే చెప్పేశాడు. వంట మానమంటే ఈ మనిషి చచ్చినా వినదు. గాలి రేకు నా చేత్తో నేనే మూసేశాను. మంట పచ్చబడి మసి కక్కింది.

"ఇప్పుడెలిగింది," అంది అమ్మ.