టోపీ మీది ఎలుగుబంటికి ఇరవై నాలుగు డాలర్లు

యూనిఫాంల కంపెనీ ఎంబ్రాయిడరీ విభాగంలో ఆమె పదకొండేళ్లు పనిచేసింది. చీరకీ జుట్టుకీ ఎప్పుడూ ఏదో రంగు దారప్పోగు అంటుకొని ఉండేది కాబట్టి అక్కడ అందరూ దారాలమ్మ అనేవారు. ఆమె పని కుట్టడం కాదు. బొమ్మను చూసి కంప్యూటర్లో కుట్ల దారి గీయడం. సూది ఎక్కడ మొదలవ్వాలి, ఎటు తిరగాలి, ఎక్కడ దారం తెగాలి, పైకుట్టు కిందికి దిగిపోకుండా కింద ఎంత అడుగుకుట్టు వెయ్యాలి, ఇవన్నీ ఆ ఫైలులో ఉంటాయి. ఫైలు బాగుంటే మిషను పాటలా నడుస్తుంది. బాగులేకపోతే గుడ్డ ముడతలు పడుతుంది, సూది విరుగుతుంది, మిషను దగ్గర కూర్చున్నవాడు గీసినవాళ్ల వంశాన్ని తలుచుకుంటాడు.

కంపెనీ మూతబడిన నెలకే ఆమె అక్క మొగుడు వచ్చి సోఫాలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు.

"ఇంకా ఎక్కడో ఉద్యోగం వెతుక్కోవడమేంటి అమ్మాయ్? నీ పనికి బయటి దేశాల్లో డాలర్లిస్తారు. ఇంటర్నెట్లో ఇలాంటి పనులిప్పించే సైట్లో నాకు అకౌంటుంది. ఇంగ్లీషు నేను మాట్లాడతాను, పని నువ్వు చేసెయ్."

ఈ బావగారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన ఏ పనీ రెండేళ్లకు మించి చేయలేదు, ఏ పని గురించీ రెండు గంటలకు తక్కువ మాట్లాడలేదు. సైట్లో అకౌంటు తెరిచింది ఏదో రాసిపెట్టడానికి. ఒక్కరూ పిలవలేదు. అయినా ఆ రోజు నుంచి ఎదురింటివాళ్లు పలకరిస్తే, "డాలరు ఈ రోజు ఎంతుందో చూశారా?" అని అడిగేవాడు. అందరికీ డాలర్ బావ అయిపోయాడు. ఆయనకు అది వెక్కిరింత అని తట్టలేదు. బిరుదనుకున్నాడు.

దారాలమ్మ ఒప్పుకుంది. విదేశంలో టోపీలు కుట్టించి అమ్మే ఆసామి ఒకడు దొరికాడు. బొమ్మకు ఇరవై డాలర్లు, నెలకు ముప్ఫై బొమ్మలు. అంటే ఆరువందలు. బావగారు ఆమె చేతిలో పెట్టింది మూడు వందల డాలర్లకు సమానమైన డబ్బు.

"మిగతా సగం?" అందామె.

బావగారు జాలిగా నవ్వాడు. "డాలరంటే ఏమనుకున్నావ్? నూటికి ఇరవై సైటువాడు లాగేస్తాడు. పది బ్యాంకు. ఇరవై పన్ను. నాకేం మిగులుతుందో తెలుసా? పేరు. అంతే."

ఎంత గంభీరంగా చెప్పాడంటే, ఆయన మీద జాలిపడి దారాలమ్మ కాఫీ కూడా ఇచ్చింది. ఇచ్చిన డబ్బును మాత్రం తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకుంది. కంపెనీలో కుట్ల లెక్క రాసి రాసి అలవాటు.

అలా ఏడాది నడిచింది. ఆ తర్వాత ఒకసారి బావగారు స్నేహితులతో ఊళ్లు తిరగడానికి వెళ్లాడు. టోపీల ఆసామి ఫైలు తొందరగా కావాలన్నాడు. బావగారు ఫోన్ చేసి, "మా ఇంటికెళ్లి నా కంప్యూటర్లోంచి పంపించెయ్, సైటు తెరిచే ఉంటుంది" అన్నాడు. తెలివైనవాళ్లు చేసే తప్పులు వేరు. తాము తెలివైనవాళ్లమనుకునేవాళ్లు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి.

ఆమె వెళ్లింది, ఫైలు పంపింది. పక్కనే 'చెల్లింపుల చరిత్ర' అని ఉంటే నొక్కింది. ప్రతి ఇరవై డాలర్ల కిందా మూడు నాలుగు వరుసలున్నాయి. సైటు ఫీజు రెండు డాలర్లు. ముందస్తు పన్ను ఇరవై సెంట్లు. నెల చివర డబ్బు బ్యాంకుకు పంపినప్పుడు రెండు డాలర్ల ఛార్జీ. డాలరును ఇక్కడి డబ్బులోకి మార్చిన రేటు ఆ రోజు మార్కెట్ రేటుకంటే నూటికి రెండు తక్కువ. ఆమె కాగితం తీసి వేసుకుంది. నూటికి పది సైటు, ఒకటి పన్ను, బ్యాంకుకూ మారకానికీ కలిపి దాదాపు రెండున్నర. ఎంత గట్టిగా పిండినా వందలో ఎనభై ఆరు ఇంటికి వస్తున్నాయి. ఆమెకు అందేది యాభై. ముప్ఫై ఆరు బావగారి పేరుప్రతిష్ఠలకు ఖర్చవుతున్నాయన్నమాట.

వంటింట్లోంచి వచ్చిన అక్క అడిగింది. "ఏంటే, మొహం అలా పెట్టావ్?"

"ఏం లేదక్కా. బావగారు డాలర్ల పాఠం సగమే చెప్పారు. మిగతా సగం ఇప్పుడు చదువుకుంటున్నా."

మర్నాడే జిరాక్సు షాపు మీది గదిలో కూర్చునే ఆడిటరమ్మ దగ్గరికి వెళ్లింది. అరవై దాటిన మనిషి. కళ్లజోడు పైనుంచి చూస్తూ విన్నది.

"పన్ను ఇరవై పోయిందన్నాడా? సైటు పట్టుకునేది నూటికి ఒకటి. అదైనా పోయినట్టు కాదమ్మా. ఏడాది చివర కట్టాల్సిన పన్నులో ముందే కట్టిన భాగం. అకౌంటు ఎవరి పేరున ఉంటే వాళ్లకు జమవుతుంది. అంటే నీ పని మీద పట్టిన పన్ను మీ బావ లెక్కలో కూర్చుంది."

"అదీ ఆయనకేనా!"

"ఆయనకే. నువ్వు అకౌంటు నీ పేరున తెరువు. పన్ను నంబరు మొదటి రోజే ఇయ్యి, లేకపోతే ఇంకా ఎక్కువ పట్టుకుంటారు. క్లయింటు ఇచ్చిన పూర్తి మొత్తం నీ ఆదాయం కింద రాయి, సైటు ఫీజూ బ్యాంకు ఛార్జీలూ ఖర్చు కింద రాయి. చేతికొచ్చిందే ఆదాయమనుకుంటే తర్వాత నోటీసొస్తుంది. ఇంకోటి, చేతికొచ్చినదంతా నీది కాదు. పన్నుకు కొంత పక్కన పెట్టుకో."

దారాలమ్మ బావగారి పని మానేసి తన పేరున అకౌంటు తెరిచింది. పని నచ్చిన క్లయింట్లు ఇచ్చిన ఐదేసి చుక్కలూ మెప్పులూ బావగారి అకౌంటులోనే ఉండిపోయాయి. ఏడాది ఆమె చేసిన పనికి వచ్చిన మంచిపేరు ఆయన ఫొటో కింద వెలుగుతోంది. తను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఈ ఒక్కదానికి ఆమె నిజంగా ఏడ్చింది.

మొదటి పని ఒక బేకరీవాళ్ల ఏప్రాన్ బొమ్మ. చేతికి పద్దెనిమిది డాలర్లు రావాలనుకుంది. సైటు పది శాతం కదా అని పద్దెనిమిదికి పది శాతం కలిపి పంతొమ్మిది డాలర్ల ఎనభై సెంట్లు అడిగింది. డబ్బు రాగానే ఆత్రంగా బ్యాంకుకు పంపుకుంది. చేరింది పదిహేను డాలర్ల ముప్ఫై సెంట్ల విలువ.

ఆడిటరమ్మ ఆ కాగితం చూసి తల పట్టుకుంది. "వాళ్లు కోసేది నీ పద్దెనిమిదిలోంచి కాదు, నువ్వడిగిన పంతొమ్మిదీ ఎనభైలోంచి. కలపడం కాదమ్మా, భాగించాలి. డాలర్లో సైటుకు పది సెంట్లు, పన్నుకు ఒకటి పోతే ఎనభై తొమ్మిది. మారకంలో రెండు శాతం పోతే ఎనభై ఏడు. పద్దెనిమిదిని పాయింట్ ఎనభై ఏడుతో భాగించు. ఎంతొచ్చింది?"

"ఇరవై పాయింట్ ఏడు దాకా."

"ఇక బ్యాంకుకు పంపే రెండు డాలర్లు ఎంత పంపినా రెండే. పద్దెనిమిది కోసం ఒకసారి కడతావా, నెలంతా పోగేసి ఒకసారి కడతావా?"

దారాలమ్మ నాలుక కరుచుకుంది. ఏడాది చివరి పన్ను, కంప్యూటరు అరుగుదల, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా అన్నీ వేసుకొని బొమ్మకు ఇరవై నాలుగు అని రాసిపెట్టింది.

ఈలోగా డాలర్ బావ మరదలి అవసరం లేదని నిరూపించే పనిలో పడ్డాడు. బొమ్మను చూపిస్తే దానంతటదే కుట్లుగా మార్చే బటన్ ఒకటుందని తెలుసుకొని, దాన్ని నొక్కి టోపీల ఆసామికి పంపేశాడు. టోపీ మీద కుట్టు మధ్యలోంచి అంచులకు, కిందినుంచి పైకి నడవాలి, లేకపోతే గుడ్డ ఉబ్బుతుంది. బటన్‌కు ఆ సంగతి తెలియదు. బావగారికి అసలే తెలియదు. ఎలుగుబంటి బొమ్మ వాచిన బంగాళాదుంపలా వచ్చింది. కింద చిన్న అక్షరాలు ముద్దయ్యాయి. రెండు సూదులు విరిగాయి. ఆసామి ఐదింటికి ఒకే ఒక్క చుక్క ఇచ్చి పోయాడు.

పోయినవాడు అదే సైట్లో వెతుక్కుంటూ దారాలమ్మ నమూనాల దగ్గరికి వచ్చాడు. కుట్టు చూసి, తనకు ఏడాదంతా అందిన పని ఇలాగే ఉండేదని రాశాడు. ధర మాత్రం పాతదే ఇరవై అన్నాడు. ఆమె తడుముకోకుండా జవాబు రాసింది: ఇరవై నాలుగు, ఒక సవరణ ఉచితం, చిన్న అక్షరాలు ముద్దకావు. కావాలంటే ఒక్కటి కుట్టించి చూడమంది. ఆసామి ఆ ఎలుగుబంటినే పంపాడు. కుట్టించి చూశాడు. మర్నాడు ముప్ఫై బొమ్మలు పంపాడు.

పన్ను లెక్కలు దాఖలు చేసే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం బావగారు ఇంటికొచ్చాడు. ఈసారి కాలు మీద కాలు వేసుకోలేదు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. వెనకాలే అక్క.

"చిన్న సంతకం అమ్మాయ్. ఫార్మాలిటీ."

కాగితంలో పోయిన ఏడాది మొత్తం ఏడువేల రెండు వందల డాలర్లలో ఆరువేల నాలుగు వందలు మరదలికి చెల్లించినట్టు ఉంది.

"నాకిచ్చింది మూడువేల ఆరువందలు కదా బావగారూ."

"అబ్బా, కాగితం మీదేగా! డబ్బంతా నా పేరున వచ్చింది. నీకిచ్చినట్టు చూపించకపోతే పన్నంతా నా నెత్తిన పడుతుంది. నీకెలాగూ పెద్దగా పడదులే."

"నేను తినని ముద్దకు నేనెందుకు చెయ్యి కడుక్కోవాలి?" దారాలమ్మ నోటుబుక్కు తెచ్చింది. "ఇందులో తేదీలతో సహా ఉంది. మూడువేల ఆరువందలని రాసి తెండి, ఇప్పుడే సంతకం చేస్తా. అవి నా ఆదాయంలో నేను చూపించుకుంటా."

బావగారు కాగితం మళ్లీ మడతపెట్టాడు. అక్క నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, మిగతావన్నీ సైటూ బ్యాంకూ తినేశాయని నాకూ చెప్పారుగా?"

"అదీ... రేట్లు మారుతుంటాయే..."

"మారేవి రేట్లా, మీ మాటలా? ఆ ఊళ్లు తిరగడాలు, ఆ వాచీ ఎక్కణ్ణుంచొచ్చాయండీ?"

బావగారు వాచీ ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాడు. మూడువేల ఆరువందల కాగితమే రాయించి సంతకం తీసుకున్నాడు. తను మిగుల్చుకున్నదాని మీద పన్ను తనే కట్టాడు, వాచీ అమ్మి. ఆ డబ్బులోంచి ఒక్క డాలరైనా మరదలికి తిరిగి రాలేదు. ఆమె అడిగిందీ లేదు. అడగడానికి పట్టే కాలంలో రెండు బొమ్మలు పూర్తవుతాయని లెక్కేసుకుంది.

ఇప్పుడు ఆమె దగ్గర కంపెనీ నాటి స్నేహితురాళ్లు ఇద్దరు పనిచేస్తున్నారు. ఇద్దరికీ ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎందుకు పోయింది అన్నీ తెర మీద చూపిస్తుంది. డాలర్ బావ మాత్రం పెళ్లిళ్లలో ఎదురుపడ్డవాళ్లందరికీ, "మా మరదలికి ఈ లైను నేర్పింది నేనే" అని చెప్పుకుంటున్నాడు. విన్నవాళ్లు వచ్చి నిజమేనా అని అడిగితే ఆమె అవునంటుంది. కుట్ల దారి గీస్తూ మధ్యలో ఆపి మాట్లాడాలంటే ఆమెకు చిరాకు.