జ్వరం వస్తుందని రాసిన కరపత్రం

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాలలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పేరుకు ప్రూఫులే గాని, వచ్చినవాళ్ళకు రాయడం చేతకాకపోతే కరపత్రాలు కూడా నేనే రాసిచ్చేవాణ్ణి. నా తెలుగు మీద నాకు వల్లమాలిన పొగరు. ఎవరైనా ఒక్క మాట మార్చమంటే కస్సుమనేవాణ్ణి.

ఆ వేసవిలో ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో మశూచి మొదలైంది. హెల్త్ ఇన్‌స్పెక్టరు బస్సు దిగి నేరుగా ప్రెస్సుకే వచ్చాడు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆళ్లగడ్డలో టీకాలు వేస్తారట, ఈలోగా కరపత్రం ఊరంతా పంచాలట, ఇంటింటి తలుపుకూ అంటించాలట.

ఆళ్లగడ్డ అనగానే నేను కలం కింద పెట్టేశాను. మా అక్కను ఆ ఊరే ఇచ్చాం. వాడికి, అంటే నా మేనల్లుడికి, ఎనిమిది నెలలు. ఇంకా టీకా పడలేదు. అక్క అత్తగారు ససేమిరా అంటోంది. ఆమెను దాటి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఈ కాగితంతో ఆమె మనసు మారాలి, లేకపోతే వాడి సంగతి దేవుడికే తెలియాలి.

అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాననుకున్నాను. 'మశూచి తల్లి పీడను తరిమికొడదాం! మూఢనమ్మకాలు విడిచిపెట్టండి!' అని పెద్ద అక్షరాల్లో పెట్టించాను. కంటికి ఇంపుగా ఉంటుందని పసుపుపచ్చ కాగితం, పైన ఆకుల రెమ్మ బొమ్మ అచ్చుకు బ్లాకు నేనే ఏరి ఇచ్చాను. చదువుకుని మురిసిపోయాను కూడా.

అచ్చక్షరాలు పేర్చే మా కంపోజిటరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, సాయిబు. తడి ప్రూఫు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మావాళ్ళు చదవరప్పా" అన్నాడు.

"ఎందుకు చదవరు?"

"పసుపుపచ్చ కాయితం, పైన రెమ్మ. జాతర కాయితం, మనకు గాదు అనుకుంటారు. ఇంగ శుక్రారం పన్నెండంటే మేం నమాజుకు పోవల్లా, టీకాకు రావల్లా? మా ఆడోళ్ళు మొగోడి ముందర చెయ్యి జాపుతారా? అదీ రాయలేదు నువ్వు."

నాకు ఒళ్ళు మండింది. అర ఠావు కాగితానికి ఇన్ని వంకలా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"మాకెట్ల కనపడ్తాదో నేను జెప్తి. మీ ముసిలోళ్ళకు ఎట్ల కనపడ్తాదో నాకు తెల్దు. పొయ్యి చదివి ఇనిపించు. ఏం అర్థమైందో వాళ్ళనే చెప్పమను. అర్థమైందా అని మాత్రం అడగొద్దు, అందరూ ఆ అంటారు."

మరునాడు ఇన్‌స్పెక్టరుతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్క అత్తగారు మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను ప్రూఫు గొంతెత్తి చదివి, తలుపులకు అంటిస్తామని చెప్పి, "అత్తా, ఇప్పుడు నేనేం చెప్పినానో నువ్వు చెప్పు" అన్నాను.

ఆమె ముందు కాగితం చేతికి తీసుకుంది. చదవడం రాదు. పైన ఉన్న రెమ్మ మీద వేలు పెట్టింది.

"వాకిట్లో యాపరెమ్మ కట్టేది ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు. దీన్ని తెచ్చి నా తలుపుకు అంటిస్తామంటాండారు. ఈ ఇంట్లోకి ఎవురూ రావద్దని ఊరికి చాటనీకా? ఇంటికొచ్చిన తల్లిని తరుముతారంట! ఏందబ్బా, నాకు బుద్ధి లేదని కూడా రాసినావే."

మూఢనమ్మకాలన్న మాట ఆమెకు అలా చేరింది. అన్నది నేనే, కాదనడానికి లేదు.

ఆమె ఆగలేదు. "నా కూతురికి టీకా గీసినారు. ఎనిమిదో దినానికి చెయ్యి పొంగింది, జొరమొచ్చింది. వస్తాదని ఒక్కడూ ముందు చెప్పలా. భయపడి నా చిన్నోడికి గీయనీలేదు. ఆ యేడే వానికి పోసింది. నాలుగేండ్లోడు. గీసి తల్లిని ఇంట్లోకి తెచ్చింది మీరే."

గీయించుకున్న పిల్ల బతికింది, గీయించుకోని పిల్లవాడు పోయాడు. అయినా ఆమె ఆ రెండింటినీ కలిపి ఇలా చదువుకుంది. అలా చదువుకోవడానికి కారణం, ఎవరో ఒక్క ముక్క చెప్పకుండా దాచడం. నేను రాసిన కాగితంలో కూడా ఆ ముక్క లేదు.

అరుగు మీదికి వచ్చాక ఇన్‌స్పెక్టరు, "అమ్మవారి ఆజ్ఞ అని రాసేయ్, పరిగెత్తుకుని వస్తారు" అన్నాడు.

"సాయిబుల పిల్లలు ఎవరి ఆజ్ఞతో వస్తారు సార్? పైగా అది అబద్ధం. జ్వరం వస్తుందని రాద్దాం."

"జ్వరమని అచ్చేస్తే ఒక్కరు రారు. పైవాళ్ళకు నేనేం చెప్పుకోను?"

ఇద్దరం వీధిలోకి దిగి గొంతులు పెంచుకున్నాం. చివరికి ఆయన విసుగ్గా, "సరే రాసుకో" అని చెప్పడం మొదలుపెట్టాడు. మూడు నాలుగు రోజులకు గీసిన చోట చిన్న పొక్కు. ఎనిమిదో రోజుకు చీము పట్టి చెయ్యి పొంగుతుంది. రెండు మూడు రోజులు జ్వరం ఉండొచ్చు. మూడో వారానికి పక్కు రాలి మచ్చ మిగులుతుంది. "జనం రాకపోతే నీ పేరే చెబుతా" అన్నాడు.

తెల్ల కాగితం తీసుకున్నాం. అంచు లేదు, బొమ్మ లేదు. తరమడం తీసేశాను, బుద్ధి చెప్పడం తీసేశాను. ఇన్‌స్పెక్టరును ఒప్పించి పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్ళీ మూడు నుంచి ఆరు అని మార్చాం. ఆడవాళ్ళకు వేరే గదిలో నర్సమ్మ వేస్తుందని చేర్చాం. కంపోజిటరు ఆ ప్రూఫు ఇంటికి తీసుకుపోయి భార్యకు చదివి వినిపించి వచ్చాడు. ఆ గదికి వాకిలి ఎటువైపో రాయమందట ఆమె. ఇన్‌స్పెక్టరును అడిగి అదీ రాశాం.

మళ్ళీ ఆళ్లగడ్డ పోయి చదివాను. అత్త కళ్ళు మూసుకుని విని, తిరిగి చెప్పింది: "గీస్తారు. ఎనిమిదో దినానికి పొంగుతాది. జొరమొస్తాది, మూడు దినాల్లో పోతాది. ఇది నీ మాటేనా?"

నిజానికి అది ఇన్‌స్పెక్టరు మాట. నేను ఏ పిల్లవాడినీ దగ్గరుండి చూసింది లేదు. అయినా "నా మాటే అత్తా" అన్నాను.

శుక్రవారం ఆమె తనే మనవణ్ణి ఎత్తుకుని టీకాకు వచ్చింది. ఎవరు వచ్చారో ఎందరు వచ్చారో నేను చూడలేదు, వాడి చేతినే చూశాను. ఎనిమిదో రోజు సెలవు పెట్టి ఆళ్లగడ్డ చేరాను. చెయ్యి పొంగి ఎర్రగా ఉంది, ఒళ్ళు కాలిపోతోంది. అక్క ఏడుస్తోంది. మరునాడూ అంతే. మూడో రోజు పొద్దున అత్త నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడు దినాలన్నావు. ఈపొద్దు మూడోది" అంది.

అంత భయం నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు. 'రెండు మూడు రోజులు' అని నేను తేలిగ్గా వేసిన అంకెల మీద ఆమె తన మనవణ్ణి పెట్టింది. ఇన్‌స్పెక్టరు 'ఉండొచ్చు' అన్నాడు, ఆమె 'పోతాది' అని వింది. నేను దాన్ని సరిదిద్దకుండా నా మాటే అన్నాను. అరుగు మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

మధ్యాహ్నం దాటాక వాడికి చెమట పట్టింది. అత్త వాడి కడుపు మీద చెయ్యి వేసి చూసి, పాలు పట్టమని అక్కకు ఇచ్చి, వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఆవాలు చిటపటలాడాయి.

అక్క ఉలిక్కిపడి నా వైపు చూసింది. అమ్మవారు పోసిన ఇంట్లో తాళింపు వేయరు. వాకిట్లో రెమ్మ కట్టలేదు గాని, ఎవరికీ చెప్పకుండా ఆ మూడు రోజులూ అత్త పప్పులో తాళింపు మానేసిందని మాకు అప్పుడే తెలిసింది.

"లేచి కాళ్ళు కడుక్కోపో, అన్నం తిందువు" అంది అత్త లోపలి నుంచి.