తెలుగు పైన, ఇంగ్లిష్ కింద

మా ఆవిడ ప్రసన్నకుమారి, హిందీ మాట్లాడే గనుల ఊరు కిరండూల్‌లో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసింది. రిటైరయ్యాక మా చర్చి వాట్సాప్ గ్రూపుకు మెసేజీలు రాసే పని నెత్తికెత్తుకుంది. గ్రూపులో సగం మంది మా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలు. మిగతావాళ్లు మలయాళీలు, తమిళులు. వాళ్లకు ఇంగ్లిష్ కావాలి. అందుకని ప్రతి కబురూ రెండు భాషల్లో వెళ్లేది, ఇంగ్లిష్ పైన, తెలుగు కింద. అలా ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

పోయిన నెల దంతెవాడ కంటి శిబిరానికి చర్చి తరఫున బస్సు వెళ్లింది. పక్క క్వార్టర్ కన్నమ్మ పిన్నికి కుడికంట్లో శుక్లం. ఆపరేషన్‌కు పేరిచ్చి కూడా బస్సుకు రాలేదు. ఏమైందని ప్రసన్న వెళ్లి ఆమె ఫోన్ చూసింది. తెరనిండా ఇంగ్లిష్, అడుగున ‘రీడ్ మోర్’. అది నొక్కితేనే తెలుగు.

“అది ఆ ఇంగిలీసోలకి పంపినారనుకున్నానమ్మా,” అంది పిన్ని.

ఆ పూట మా ఆవిడ అన్నం ముట్టలేదు. తప్పు తనదేనని ఒకటే బాధ.

ఈ నెల మళ్లీ శిబిరం. ఈ ఏడాదికి ఇదే ఆఖరుది. ప్రసన్న ఈసారి తెలుగు పైన పెట్టింది. దాని నెత్తిన మాత్రం, ఇంగ్లిష్ కింద ఉందని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క రాసింది. సంఘం కార్యదర్శి మాథ్యూ ఫోన్ చేసి, ఉన్న పద్ధతి మార్చడం ఎందుకన్నారు.

“ఇంగ్లిష్ వచ్చినవాళ్లు కిందకి జరుపుకుని చదువుకుంటారు సార్. పిన్నికి పైన తెలుగు కనపడకపోతే ఫోన్ పక్కన పెట్టేస్తుంది,” అని హిందీలో తేల్చి చెప్పింది.

తర్వాత, ‘రీడ్ మోర్’ రాకుండా మెసేజీలో కోతలు మొదలయ్యాయి. రోజు, టైము, బస్సు ఆగే చోటు, ఆధార్ కార్డు, బీపీ మందులు రెండు భాషల్లోనూ ఉంచింది. బస్సు ఇచ్చినవాళ్లకు చెప్పిన కృతజ్ఞతలు మొత్తం తీసేసింది.

“అదేంటి, మర్యాద కాదు కదా?” అన్నాను.

“కృతజ్ఞతలు చదవకపోతే బస్సు తప్పిపోదండీ. అవి రేపు విడిగా పంపుతాను.”

ముందు నా ఒక్కడి ఫోన్‌కే పంపి, ‘రీడ్ మోర్’ వచ్చిందేమో చూడమంది. ఇంకా కుదిస్తూ పోతే మూడోసారికి రాలేదు. అప్పుడు గ్రూపులో పెట్టింది. రైలింజన్లు నడిపినవాణ్ని, అంత జాగ్రత్త నేనే ఎరగను. నా పెళ్లాం అని కాదు గానీ, నాకు గర్వంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున బస్సు ఐదున్నరకు. మేం ఐదుంబావుకే చర్చి గేటు దగ్గరికి వెళ్లాం. కన్నమ్మ పిన్ని అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది, చేతిలో ఆధార్ కార్డు, మందుల డబ్బా. ప్రసన్న పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

పిన్ని మాత్రం రోడ్డు వైపే చూస్తోంది.

“ఇంగిలీసోలు ఇంకా రాలేదేటమ్మా? ఆలది కిందున్నాది కదా, సూసుకున్నారో లేదో!”