ఏడవని బంగారం

నిన్న జ్వరంలో ఉంటే మా ఆయన నా నుదుటన తడిగుడ్డ వేయబోయాడు. చెయ్యి తోసేశాను. చిన్నప్పుడు సారపాక కాగితం మిల్లు క్వార్టర్లలో అబ్బిన గొప్ప విద్య అది!

గుర్తుందా నేస్తం, రెండువేల నాలుగు ప్రాంతంలో మిల్లు సైరన్ మోగితే మనం నాన్నల సైకిళ్లకు ఎదురు పరుగెత్తేవాళ్లం? మోకాలు పగిలి ఏడుస్తూ వెళ్తే మా నాన్న, "ఏందే గిట్ల? ఏడుపు ఆపినంకనే దగ్గరికి రా" అనేవాడు. నొప్పి లోపలే దాచుకుని మొహం తుడుచుకుంటేనే సైకిల్ ఎక్కించుకునేవాడు. "బంగారం, అసలు ఏడ్వదు" అని క్వార్టర్లన్నీ మెచ్చుకున్నాయి. ఆ మెచ్చుకోళ్లకో దండం.

ఆ బంగారం ఇప్పుడు మొగుడికి అడగకముందే అన్నీ వండిపెడుతుంది. పక్కన కూర్చోమంటే మాత్రం వంటింట్లోకి పారిపోతుంది.

ఇవాళ మా పాప మోకాలు చీరుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, "ఏడుపు ఆపేసిన అమ్మా, ఇప్పుడు రానా?" అంది.