పాటకు పటికబెల్లం

తెలంగాణ కోసం కోరుట్లలో దీక్షా శిబిరం నడిచే రోజుల్లో మా అమ్మ పాట ఎత్తుకుంటే తప్ప మిగతా ఆడవాళ్లు గొంతు కలిపేవారు కాదు. అలాంటిది ఒకనాడు పల్లవి మధ్యలో ఆగిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయిందట. పాడి పాడి గొంతు ఎండిందని తోటి ఆడవాళ్లు తలా ఒక పటికబెల్లం పలుకు ఇచ్చారు. బుగ్గన పెట్టుకుంటే కాసేపు నోరు ఊరేది. ఇక పలుకు నోట్లో లేని పూటే లేదు.

ఏడాది తిరిగేసరికి పళ్లు చిగుళ్ల దగ్గర నల్లబడి పుచ్చాయి. జొన్నరొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తినేది. నాకేమీ అర్థం కాలేదు. వేపపుల్లతో డెబ్భై ఏళ్లు నిలిచిన పళ్లకు ఇప్పుడేం పుట్టింది? షుగరేమో అనుకుంటే, పరీక్షలో అదీ లేదన్నారు. నాకు చిరాకు, అమ్మకు భయం.

జగిత్యాలలో పళ్ల డాక్టరమ్మ నోట్లో అద్దం పెడితే అది బుగ్గకే అతుక్కుంది. వెంటనే ఆమె ఏమేం గోళీలు వేసుకుంటున్నావని అడిగింది. అమ్మ చేతిసంచీ విప్పింది. బీపీకి జగిత్యాల గోళీ, కాళ్ల మంటకు కోరుట్ల గోళీ, మూత్రం మాటిమాటికీ రాకుండా సిరిసిల్లలో అక్క ఇప్పించిన గోళీ. ఒక డాక్టరు ఇచ్చింది ఇంకొకరికి తెలియదు.

"గిండ్ల కొన్ని నోట్ల తడిని ఎండగొడ్తయమ్మా. అన్ని కలిస్తె ఇంకింత. తీపి తిన్నంక పుట్టే పులుపును కడిగేదే ఉమ్మి. అది లేని నోట్ల నువ్వు పొద్దంత పటికబెల్లం పెట్టినవు" అందామె.

నాకు ఇంకా అయోమయం. మందులు మంచివా, చెడ్డవా? సొంతంగా ఏదీ మానొద్దని, ఇచ్చిన డాక్టర్లనే అడగమని చెప్పింది. రెండు పళ్లు తీసి, మిగిలినవాటి రంధ్రాలు పూడ్చి, ఫ్లోరైడ్ పేస్టు రాసిచ్చింది. తీపి బంద్, గుక్క గుక్కగా నీళ్లు తాగాలి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. శిబిరం దగ్గర మరుగుదొడ్డి లేదనే అమ్మ సిరిసిల్ల గోళీ మొదలుపెట్టింది. నీళ్లు కూడా అందుకే తాగేది కాదు.

సిరిసిల్ల డాక్టరును అమ్మ నిలదీసినట్టే అడిగింది. "గోళీ ఏస్కుంటె కూసోగల్గుత, పాడరాదు. ఏస్కోకుంటె పాడుత, కూసోరాదు. నన్నేం చెయ్యమంటవు సారూ?"

ఆయన సంచీలోని గోళీలన్నీ చూశాడు. తర్వాత ఆ గోళీ మార్చాడు. కోరుట్ల డాక్టరు కాళ్ల మంట గోళీ తగ్గించాడు. నోరు కొంత తడి పట్టింది, పూర్తిగా కాదు.

అమ్మ మళ్లీ శిబిరానికి పోయింది, ఒళ్లో నీళ్ల సీసాతో. పాట మధ్యలోనే లేచి, ఈసారి ముందే అడిగిపెట్టుకున్న ఎదురింటి మరుగుదొడ్డికి నడిచింది. పాట పోయినట్టే అనుకున్నాను. కానీ ఆడవాళ్లు ఆ చరణం దాటలేదు. దాన్నే తిప్పి తిప్పి పాడుతూ కూర్చున్నారు. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తీసేసిన పళ్ల సందున గాలి పోతున్నా, తరువాతి చరణం ఎత్తుకుంది.