కామాక్షక్క పెరుగు

కామాక్షక్క పెరుగు కొనదు. సాయంత్రం బట్టల షాపు నుంచి రాగానే అర లీటరు పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి, ఫ్రిజ్‌లోని చిన్న స్టీలు గిన్నెలోంచి ఒక చెంచా తోడు వేస్తుంది. పొద్దున పెరుగు గడ్డకట్టగానే, ఎవరూ ముట్టకముందే రెండు చెంచాలు తీసి అదే గిన్నెలో దాస్తుంది. మేం ముగ్గురం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక వాటాలో కలిసి ఉండేవాళ్ళం. ఆమెకు యాభై దాటాయి. నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. షాహనా కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది.

ఆ తోడు ఆమె కూతురు గంగాభవాని చేతిది. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఆ పిల్లకు డెంగీ వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు సాయంత్రం, జ్వరంతోనే పాలు తోడుపెట్టింది. అయిదో రోజున కామాక్షక్క ఒక్కతే ఇంటికి తిరిగొచ్చింది. ఫ్రిజ్‌లో ఆ పెరుగు పులిసిపోయి ఉంది. దాంట్లోంచి ఒక చెంచా తీసి పాలలో వేసింది. అప్పటి నుంచి రెండేళ్ళు ఆ తోడు తెగలేదు. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఆ ఇంట్లో ఉండలేక మాతో చేరినప్పుడు కూడా ఆ గిన్నెను చీరకొంగులో చుట్టుకుని తెచ్చింది. ఇదంతా నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఫ్రిజ్ ఇంటివాళ్ళది, పాతది. దాన్ని ముగ్గురం కలిసి పాడుచేశాం. ఒకసారి నా వంకాయ కూరకు బూజు పట్టింది. షాహనా కీమా పొట్లం కారి కింద కూరగాయల మీద పడింది. ఎవరి పులుసో ఒకటి గిన్నెలోనే కుళ్ళి, తలుపు తీస్తే చాలు ఇల్లంతా కంపు కొట్టేది. ఎవరిదని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నాకు ఒళ్ళు మండింది. మా ల్యాబులో పేరూ తేదీ లేని సీసాను ముట్టుకోము. మనిషి ఎదురుగా నిలబడి అది నాదే అని ప్రమాణం చేసినా సరే, మళ్ళీ రక్తం తీయాల్సిందే. ఆ బుద్ధి ఇంటిదాకా తెచ్చాను.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురినీ కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికి ఒక అర. వండింది ఏదైనా సరే పేరు, పెట్టిన తేదీ రాసి టేపు అంటించాలి. మూడు రోజులు దాటితే పోవాలి. పేరు లేనిది ఆ రోజే పోవాలి. పచ్చడి, నెయ్యి లాంటివాటికి ఇది వర్తించదు. మాంసం ఫ్రీజర్లోనే, డబ్బాలోనే. ఆదివారం ఆదివారం వంతులవారీగా ఒకరు ఫ్రిజ్ అంతా తీసి తుడవాలి.

"ఊళ్ళో లేనోళ్ళ సంగతి?" అంది షాహనా.

"ఊళ్ళో లేకపోతే కుళ్ళకుండా ఉంటుందా?" అన్నాను. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

కామాక్షక్క మాత్రం "పెరుగుకు ఏం తేదీ రాయాల మే?" అని అడిగింది.

"తోడుపెట్టిన తేదీ అక్కా."

"అది రోజూ మారతాది గదా."

"అయితే రోజూ మార్చు." నేను నవ్వాను, షాహనా కూడా నవ్వింది. ఆమె నవ్వలేదు. అప్పుడైనా ఎందుకని అడగొచ్చు. అడగలేదు.

చెప్పకూడదు గానీ, ఆ నియమాన్ని మాలో సరిగ్గా పాటించింది ఆమె ఒక్కతే. రోజూ పొద్దున పాత టేపు పీకి, గిన్నె తడి తుడిచి, కొత్తది అంటించేది. కామాక్షి అని గుండ్రంగా రాసి, కింద తేదీ వేసేది. ఫ్రిజ్‌లో దుర్వాసన పోయింది. నేను గొప్పగా తిరిగాను.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం చిట్టమూరు నుంచి కామాక్షక్కకు ఫోన్ వచ్చింది, ఆమె తమ్ముడు పెంచలకృష్ణ మిద్దె మీది నుంచి పడ్డాడని. షాపు నుంచి అటే బస్సెక్కింది, ఇంటికి కూడా రాలేదు. గిన్నె మీద బుధవారం తేదీ ఉంది.

ఆదివారం వంతు నాది. అన్నీ బయటికి తీసి బల్ల మీద పెట్టాను. స్టీలు గిన్నె తేదీ చూశాను. నాలుగు రోజులైంది. అడుగున రెండు చెంచాల పెరుగు, పైన పసుపురంగు నీళ్ళు తేలి ఉన్నాయి.

"అక్కకు ఒకసారి ఫోన్ చెయ్యరాదా?" అంది షాహనా గుమ్మంలోంచి.

"తమ్ముడు మంచం మీదుంటే, రెండు చెంచాల పెరుగు కోసం ఫోనా?" అన్నాను. సింకులో పోసి, గిన్నె తోమి బోర్లించాను. తళతళలాడేలా తోమాను.

ఆమె మర్నాడు పొద్దున వచ్చింది. తమ్ముడికి ప్రమాదం తప్పిందట. సంచి దించి, చేతులు కడుక్కుని, నేరుగా ఫ్రిజ్ తలుపు తీసింది. తన అరలో వెతికింది.

"నా గిన్నె?"

బోర్లించిన గిన్నె చూపించాను. "మూడు రోజులు దాటింది అక్కా..."

ఆమె అరవలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూర్చుని, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, గంగాభవాని సంగతి చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా ఏడవలేదు. "నీ తప్పేం లేదులే మే, అందరం అనుకున్నదే గదా" అంది చివర. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. షాహనా గోడకు అంటించిన నియమాల కాగితం దగ్గరికి వెళ్ళి, ఊళ్ళో లేనివాళ్ళవి అడక్కుండా పారేయకూడదని రాయబోయింది.

"ఇంక నాకెందుకమ్మా అది" అంది కామాక్షక్క.

వేసవిలో కింది వాటా ఇమాంబీగారు కామాక్షక్క దగ్గర తోడు తీసుకోవడం నాకు గుర్తొచ్చింది. గిన్నె పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను. ఆ తోడు ఇంకా ఉందా అని అడిగాను.

"అదా? వారం పెట్టినామమ్మా. బలే గట్టిగా వచ్చింది. మళ్ళా ఎండలు ముదిరి పాలు విరిగిపోతావుంటే మానేసినాం. ఇప్పుడు ప్యాకెట్టే" అందామె. నా మొహం చూసి ఏమనుకుందో, ప్యాకెట్ పెరుగే రెండు చెంచాలు గిన్నెలో వేసింది.

నేను వద్దనలేదు. మెట్లెక్కుతూ ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను.

"అక్కా, ఇమాంబీగారు ఇంకా అదే తోడు పెడతా ఉన్నారంట. నువ్విచ్చిందే."

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. గిన్నె అందుకుని, కొంచెం వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచాక నా వైపు చూడలేదు.

"ఇది అది కాదులే వాణీ."

నేను బావురుమన్నాను. ఆమె నా వీపు నిమిరింది. కూతురు పోయిన మనిషి నన్ను ఓదార్చింది! ఆ సాయంత్రం ఎప్పట్లా పాలు కాచింది, ఆరనిచ్చింది. ప్యాకెట్ పెరుగునే తోడు వేసింది. మూత పెట్టి, టేపు ముక్క చించి, మార్కరు నా చేతికిచ్చింది.

"నీ పేరు రాయి మే. ఇది నువ్వు తెచ్చిందే గదా."

రాశాను. ఆ రోజు తేదీ వేశాను. మర్నాడు పెరుగు గడ్డకట్టాక, ఆమె దాన్ని తీసుకెళ్ళి నా అరలో పెట్టింది.